షార్ట్ అని రాసే ముందు: బంకు షిఫ్ట్ లెక్కలో తేడా ఎక్కడ పుడుతుంది

అనంతపురం శివార్లలో, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఒక పెట్రోల్ బంకు ఉందనుకుందాం. మధ్యాహ్నం రెండింటికి షిఫ్ట్ మారుతుంది. పొద్దున ఆరింటికి ఎక్కిన సేల్స్‌మన్ బ్యాగు విప్పి నోట్లు కట్టలు కడుతుంటాడు. క్యాషియర్ నాజిళ్ల రీడింగులు రాసుకొచ్చి క్యాలిక్యులేటర్ నొక్కుతాడు. "ఐదువేల నాలుగొందల అరవై ఐదు షార్ట్" అంటాడు. "యాడ పోతాయి సార్, ఇంకోసారి సూడు" అంటాడు అతను. ఇద్దరూ నోట్లు మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెడతారు.

తప్పు ఇక్కడే మొదలవుతుంది. తేడా రాగానే చెయ్యి నోట్ల మీదికి పోతుంది. కానీ క్యాష్ అనేది ఈ లెక్కలో ఒక్క వరుస మాత్రమే. తేడా మీటర్ వైపు పుట్టి ఉండొచ్చు, స్కానర్ వైపు పుట్టి ఉండొచ్చు, లేదా గడియారం వల్లే పుట్టి ఉండొచ్చు. షార్ట్ పడితే సేల్స్‌మన్ జీతంలో కోసుకునే పద్ధతి చాలా బంకుల్లో ఉంది కాబట్టి, ఏ వరుసలో వెతకాలన్నది చిన్న విషయం కాదు.

లెక్క చూడ్డానికి సులభంగానే ఉంటుంది. ప్రతి నాజిల్‌కూ ఒక టోటలైజర్ ఉంటుంది. ఆ నాజిల్ మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా పోసిన లీటర్లన్నీ అందులో కూడుతూ పోతాయి. ఒక్కొక్క బండికి పోసేటప్పుడు తెర మీద సున్నా నుంచి మొదలయ్యే అంకె వేరు, ఇది వేరు. దీన్ని సున్నా చేయడం సేల్స్‌మన్ చేతిలో లేదు. షిఫ్ట్ చివరి రీడింగు నుంచి షిఫ్ట్ మొదటి రీడింగు తీసేస్తే నాజిల్ నుంచి బయటికి పోయిన లీటర్లు వస్తాయి. అందులోంచి టెస్టింగ్ లీటర్లు తీసేసి, మిగిలినదాన్ని ఆనాటి ధరతో గుణిస్తే సేల్స్‌మన్ అప్పగించాల్సిన మొత్తం తేలుతుంది. ఇంకోవైపు క్యాష్, యూపీఐ, స్వైపింగ్ మిషన్, ఫ్లీట్ కార్డు, ఖాతా చిట్టీలు కలిపితే వసూళ్లు. రెండూ కలవాలి.

మన సేల్స్‌మన్ దగ్గర రెండు నాజిళ్లున్నాయి, ఒకటి పెట్రోల్, ఒకటి డీజిల్. ఉదాహరణ కోసం ధరలు పెట్రోల్ 109.60, డీజిల్ 97.40 అనుకుందాం. పెట్రోల్ నాజిల్ పొద్దున 4,82,316.40 దగ్గర మొదలై 4,82,931.85 దగ్గర ఆగింది. అంటే 615.45 లీటర్లు. డీజిల్ నాజిల్ 12,07,544.10 నుంచి 12,08,706.60కి వచ్చింది, 1,162.50 లీటర్లు. క్యాషియర్ వీటిని నేరుగా ధరలతో గుణించాడు. రావాల్సింది 1,80,680.82 అని తేలింది. వసూళ్ల వైపు అతను రాసుకున్నది ఇది:

| వసూలు | రూపాయలు |
|---|---|
| క్యాష్ | 61,470 |
| యూపీఐ | 51,275 |
| స్వైపింగ్ మిషన్ | 18,640 |
| ఫ్లీట్ కార్డు | 19,480 |
| ఖాతా చిట్టీ (250 లీటర్ల డీజిల్) | 24,350 |
| మొత్తం | 1,75,215 |

తేడా 5,465.82. ఈ అంకెను ఎంతసేపు చూసినా ఏమీ చెప్పదు. ఏ తప్పుకైనా ఒక ఆనవాలు ఉంటుంది, కానీ రెండు మూడు తప్పులు కలిసిపోయినప్పుడు ఆ ఆనవాళ్లు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అందుకని ఉల్లిపాయ పొరల్లా ఒక్కొక్కటీ ఒలుచుకుంటూ పోవాలి. మీటర్ వైపు మొదలుపెట్టి, కాగితాలూ మిషన్లూ చూసి, నోట్లను చివరికి ఉంచాలి. నోట్లను మొదట లెక్కపెట్టకూడదని కాదు. ఒకసారి లెక్కపెట్టి, ఇద్దరూ ఒప్పుకుని, రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టాలి. మళ్లీ వాటి జోలికి పోవడం ఆఖరి పని.

మొదటి పొర టెస్టింగ్. ప్రతి ఉదయం అమ్మకం మొదలుపెట్టే ముందు ఒక్కో నాజిల్ నుంచి ఐదు లీటర్ల కొలపాత్రలోకి పోసి చూస్తారు. కొలత సరిపోయిందని చూశాక ఆ ఐదు లీటర్లూ తిరిగి ట్యాంకులో పోస్తారు. ఇంధనం అమ్ముడుపోలేదు, కానీ టోటలైజర్‌కు ఆ సంగతి తెలియదు. నాజిల్ దాటిందంటే దానికి లెక్కే. మన క్యాషియర్ ఆ పది లీటర్లు తీసేయడం మరిచిపోయాడు. పెట్రోల్ ఐదు లీటర్లకు 548, డీజిల్ ఐదు లీటర్లకు 487, మొత్తం 1,035 రూపాయలు. ఇది తీసేస్తే రావాల్సింది 1,79,645.82కి దిగుతుంది. తేడా 4,430.82 అవుతుంది.

టెస్టింగ్ మరిచిపోయిన తప్పు ఒంటరిగా ఉంటే గుర్తుపట్టడం తేలిక. షార్ట్ సరిగ్గా ఐదు లీటర్ల ధరో, పది లీటర్ల ధరో అవుతుంది. దీనికి తిరగబడ్డ రూపం కూడా ఉంది. టెస్టింగ్ రాసి, ఐదు లీటర్లు ట్యాంకులో పోయకుండా ఎవరి బండిలోనో పోస్తే క్యాష్ లెక్క చక్కగా సరిపోతుంది, ట్యాంకులో మాత్రం ఐదు లీటర్లు తగ్గుతాయి. టెస్టింగ్ పాత్రను ట్యాంకులో వంపేటప్పుడు ఇంకొక మనిషి పక్కన నిలబడే బంకుల్లో ఈ దారి మూసుకుపోతుంది.

మీటర్ వైపే చూడాల్సిన ఇంకో సంగతి రీడింగు రాసుకోవడంలో ఉంది. 6ను 8గా, 1ను 7గా చదవడం ఎండలో మామూలే. ఒకరి క్లోజింగే తర్వాతివారికి ఓపెనింగ్ కాబట్టి ఈ తప్పు తనంతట తనే బయటపడుతుంది. ఈ షిఫ్ట్‌లో ఎంత షార్ట్ వచ్చిందో తర్వాతి షిఫ్ట్‌లో అంత ఎక్కువ వస్తుంది. కానీ పొద్దుటి మనిషి దగ్గర వసూలు చేసి, సాయంత్రం మనిషి ఎక్కువను ఎవరికీ చెప్పకపోతే ఒకరి డబ్బు ఇంకొకరి జేబులో పడ్డట్టే. ఆటోమేషన్ ఉన్న బంకుల్లో ఆఫీసు కంప్యూటర్ మీద కూడా రీడింగు కనిపిస్తుంది. చేతిరాతనూ దాన్నీ పక్కపక్కన పెట్టి చూడ్డానికి నిమిషం పట్టదు.

ధర మారే సమయం కూడా ఇక్కడే చూసుకోవాలి. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ఇంధన ధరలు రోజువారీగా మారే పద్ధతి వచ్చింది. కొత్త ధర ఉదయం ఆరింటికి అమల్లోకి వస్తుంది. రీడింగు కూడా సరిగ్గా ఆ ఘడియకే తీయాలి. ఆరున్నరకు తీస్తే, మధ్యలో ఆ అరగంట అమ్మినదంతా కొత్త ధరకు అమ్మి పాత ధరకు లెక్క చెప్పినట్టవుతుంది. పైసల్లో మారిన రోజు ఇది ఎవరి కంటికీ ఆనదు. 2024 మార్చి 15న లీటరుకు రెండు రూపాయలు తగ్గినప్పుడు, ఆ అరగంటలో 90 లీటర్లు పోసిన నాజిల్ దగ్గర 180 రూపాయల షార్ట్ లేచి ఉంటుంది, ఎవరూ ఏమీ తీయకుండానే. అలాంటి రోజున రీడింగు పక్కన గంటా నిమిషాలూ రాసి ఉంటేనే కారణం దొరుకుతుంది.

మన లెక్కలో ఇవేవీ లేవు. మీటర్ వైపు శుభ్రమైంది. ఇంకా 4,430.82 మిగిలే ఉంది.

రెండో పొర, నోట్లు కాని వసూళ్లు. ఇక్కడ చూడాల్సింది క్యాషియర్ రాసుకున్న అంకెను కాదు, మిషన్ చెప్పే అంకెను. స్వైపింగ్ మిషన్ నుంచి షిఫ్ట్ చివర సెటిల్‌మెంట్ స్లిప్పు తీస్తే మొత్తం 18,640 అని ఉంది, సరిపోయింది. ఈ స్లిప్పు విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. షిఫ్ట్ మారేటప్పుడు సెటిల్‌మెంట్ చేయకపోతే బ్యాచ్ కొనసాగుతూనే ఉంటుంది. రాత్రికి తీసిన స్లిప్పులో ఇద్దరి అమ్మకాలూ కలిసిపోతాయి. దాన్ని విడగొట్టాలంటే ఒక్కో లావాదేవీ సమయం చూడాలి. సేల్స్‌మన్ దాచిన చిన్న స్లిప్పులతో కూడినా చాలదు. అందులో బ్యాంకు ఒప్పుకోని లావాదేవీ స్లిప్పు కూడా ఉండొచ్చు. కార్డు పెట్టాడు, కాగితం బయటికొచ్చింది, బండి పోయింది. ఆ కాగితం మీద అప్రూవల్ కోడ్ ఉందా లేదా అని చూసినవాళ్లు తక్కువ.

ఫ్లీట్ కార్డు 19,480 కూడా సరిపోయింది. అది 200 లీటర్ల డీజిల్ ధర. లారీ యజమాని ముందే డబ్బు వేసుకునే ఈ కార్డుల సొమ్ము బంకు బ్యాంకు ఖాతాలోకి కాకుండా ఆయిల్ కంపెనీ దగ్గరున్న డీలర్ ఖాతాలో జమవుతుంది. కాబట్టి మర్నాడు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దాన్ని వెతికితే కనిపించదు. షిఫ్ట్ లెక్కకు మాత్రం అది వసూలే. ఖాతా చిట్టీ మీద లారీ నంబరు, డ్రైవర్ సంతకం, 250 లీటర్లు, అన్నీ ఉన్నాయి.

మిగిలింది యూపీఐ. ఈ ప్రాంతపు బంకుల్లో తికమక ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. కర్ణాటకలో డీజిల్ ఇక్కడికంటే చవక. బెంగళూరు వైపు నుంచి వచ్చే లారీకి సరిహద్దు దాటకముందే ట్యాంకు నింపుకోవడం లాభం. బైకులు, ఆటోలు, బొలెరోలు, ఊళ్లలోకి క్యాన్లలో తీసుకుపోయే డీజిల్ ఇక్కడి రోజువారీ గిరాకీ. చిన్న చిన్న మొత్తాలు, వందల లావాదేవీలు, అందులో సగానికి సగం స్కానర్ మీద. అన్నీ కలిపి ఒక్క అంకెగా రాసేటప్పుడు చెయ్యి జారడం వింతేం కాదు.

యాప్‌లో ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా చూస్తే 51,725 ఉంది. క్యాషియర్ రాసింది 51,275. పక్కపక్క అంకెలు తారుమారయ్యాయి. తేడా 450. ఇలా రెండు అంకెలు చోటు మారినప్పుడు పుట్టే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగారుతుంది. 450ని తొమ్మిదితో భాగిస్తే 50. పాత గుమాస్తాలకు బాగా తెలిసిన కిటుకు ఇది. కానీ దీన్ని మొదటి తేడా మీద ప్రయోగిస్తే పని చేయదు. 5,465 తొమ్మిదితో భాగారదు, ఎందుకంటే దానిలో ఇంకా వేరే తప్పులు కలిసి ఉన్నాయి. ఒక్క తప్పే మిగిలిందన్నప్పుడే ఈ పరీక్షకు విలువ. పైగా తొమ్మిదింటిలో ఒక తేడా ఊరికే కూడా భాగారుతుంది కాబట్టి, అది ఎక్కడ వెతకాలో చెబుతుందే తప్ప తీర్పు చెప్పదు.

ఇప్పుడు తేడా 3,980.82.

ఇక్కడ దాన్ని ధరతో భాగించి చూడటం మంచి అలవాటు. పెట్రోల్ ధరతో భాగిస్తే 36.32 లీటర్లు, దానికేమీ అర్థం లేదు. డీజిల్ ధరతో భాగిస్తే 40.87. నలభై లీటర్లకు కాస్త పైన. గుండు అంకెకు ఇంత దగ్గరగా ఉందంటే, నలభై లీటర్ల డీజిల్ పోసిన ఒక బండి డబ్బు లెక్కలో లేదేమోనన్న అనుమానం వస్తుంది. నలభై లీటర్లకు 3,896 రూపాయలు. డీజిల్ నాజిల్ చివరి అమ్మకాలు చూస్తే, క్లోజింగ్ రీడింగు తీయడానికి ముందు ఆఖరి అమ్మకం సరిగ్గా అదే. 40.00 లీటర్లు, 3,896.00 రూపాయలు, సమయం 1:57.

డబ్బు ఏమైంది? సేల్స్‌మన్‌ను అడిగితే గుర్తు తెచ్చుకుంటాడు. "టమోటా బాక్సుల బొలెరో సార్. ఆయప్ప ఫోన్‌లో సిగ్నల్ లేదని రోడ్డు మీదికి పోయి కొట్టినాడు." యాప్‌లో మధ్యాహ్నం రెండు తర్వాతి జాబితా తెరిస్తే 2:04కి 3,896 జమైంది. లీటర్లు పొద్దుటి షిఫ్ట్‌లో పోయాయి, డబ్బు మధ్యాహ్నం షిఫ్ట్‌లో పడింది. దొంగతనం లేదు, మరుపు కూడా లేదు. డీజిల్ పోసిన ఘడియకూ డబ్బు జమైన ఘడియకూ మధ్య ఏడు నిమిషాలున్నాయి, అంతే.

ఇలాంటి తేడాకు రుజువు రెండు వైపులా ఉండాలి. పొద్దుటి మనిషికి ఎంత షార్ట్ తగ్గిందో, మధ్యాహ్నం మనిషి వసూళ్లలో అంతే తగ్గించాలి. ఒక్క కాగితం మీదే దిద్ది వదిలేస్తే రాత్రి పది గంటల లెక్కలో 3,896 ఎక్కువ లేస్తుంది. ఆ ఎక్కువ మీద ఎవరి కన్ను పడుతుందో ముందే చెప్పలేం. కొన్ని బంకుల్లో దీనికి తేలికైన ఏర్పాటు చేసుకున్నారు. షిఫ్ట్ మారే పది నిమిషాలు ఆ నాజిల్ మీద గొలుసు వేసి, పెండింగ్ చెల్లింపులన్నీ స్కానర్ స్పీకర్ పలికాకే రీడింగు తీస్తారు. రద్దీ ఉన్న బంకులో పది నిమిషాల అమ్మకం పోగొట్టుకోవడం యజమానికి నచ్చదు కాబట్టి ఎక్కువచోట్ల ఇది కాగితం మీదే ఉంటుంది.

మిగిలింది 84.82. ఇక నోట్ల కట్ట మళ్లీ విప్పొచ్చు, కానీ ఈ అంకెకు ఆ శ్రమ అక్కర్లేదు. ఎనిమిది గంటల్లో వందల బండ్లు వచ్చినచోట ఫుల్ ట్యాంకు బిల్లు 683.40 అయితే చేతికొచ్చేది 680. రెండు రూపాయల చిల్లర లేక వదిలేసినవి కొన్ని. లెక్క తీరులోనే ఉన్న పైసల తేడా ఇంకొంత. బైకుకు వంద రూపాయలకు పోయమంటే తెర మీద 0.91 లీటర్, 100.00 రూపాయలు అని కనిపిస్తుంది. కానీ 0.91ని 109.60తో గుణిస్తే 99.74. బిల్లులు కూడితే వచ్చే మొత్తమూ, లీటర్లను ధరతో గుణిస్తే వచ్చే మొత్తమూ పైసాకు పైసా ఎప్పుడూ కలవవు. వసూళ్లన్నీ పూర్ణ రూపాయల్లో ఉండి తేడా చివర 82 పైసలు వేలాడుతుండటమే దానికి గుర్తు.

కాబట్టి ఆ రోజు పుస్తకంలో రాయాల్సిన షార్ట్ 84.82. మొదట పలికిన అంకెలో అరవైయ్యో వంతు కూడా లేదు. మొదటి అంకెనే ఖాయం చేసి ఉంటే, ఆ సేల్స్‌మన్ నెల జీతంలో పెద్ద ముక్కే పోయేది.

అయితే ఈ లెక్క సరిపోయిందంటే అంతా సవ్యంగా ఉందని అర్థం కాదు. షార్ట్ కంటే అనుమానంగా చూడాల్సినది రోజూ వచ్చే చిన్న ఎక్కువ. ఒక సేల్స్‌మన్ పేరు మీద నెలరోజుల తేడాలన్నీ ఒకే వరుసలో రాసి చూస్తే, నిజాయితీగా చేసేవాడి వరుసలో తీసివేతలూ కూడికలూ కలగలిసి ఉంటాయి, తీసివేతలు కాస్త ఎక్కువగా. ఎప్పుడూ కూడికే ఉంటే డబ్బు ఎక్కడినుంచి వస్తోందని అడగాలి. ముందు బండికి యాభైకి పోసి, మీటర్ సున్నా చేయకుండా తర్వాతి బైకుకు వంద దాకా పోస్తే, రెండో మనిషికి అందింది యాభై రూపాయల పెట్రోలే. అతనిచ్చింది వంద. టోటలైజర్ మాత్రం నిజంగా పోసినంతే చూపిస్తుంది. ఆ యాభై బ్యాగులో ఉంటే ఎక్కువగా తేలుతుంది. షిఫ్ట్ దిగేలోపే జేబులోకి పోతే లెక్క నున్నగా సరిపోతుంది, మోసపోయిన మనిషి ఏ కాగితం మీదా ఉండడు. మీటర్‌కూ క్యాష్‌కూ కుదిరే పొంతన బంకు యజమాని డబ్బును కాపాడుతుంది. బైకు మీద వచ్చినవాడిని కాపాడేది తెర మీద సున్నా చూడటం ఒక్కటే.

ఇంకో గుడ్డి చోటు కొలతలో ఉంది. ఐదు లీటర్ల పాత్రలో 25 మిల్లీలీటర్ల దాకా అటూ ఇటూ ఉండటం చట్టం ఒప్పుకునే హద్దు. ఒక డీజిల్ నాజిల్ ఐదు లీటర్లకు 20 మిల్లీలీటర్లు ఎక్కువ పోస్తోందనుకుందాం. టెస్టింగ్‌లో అది పాసవుతుంది. టోటలైజర్ 1,157.50 అంటుంది, డబ్బూ అంతకే వస్తుంది, షిఫ్ట్ లెక్క కుదురుతుంది. ట్యాంకులోంచి మాత్రం ఇంకో నాలుగున్నర లీటర్లు పోయి ఉంటాయి. ఒక్క షిఫ్ట్‌కు, ఒక్క నాజిల్‌కు, దాదాపు 450 రూపాయలు.

అది తేలేది మర్నాడు పొద్దున ట్యాంకులోకి డిప్ రాడ్ దింపి మట్టం కొలిచినప్పుడు. నిన్నటి డిప్‌కు వచ్చిన లోడు కలిపి, మీటర్ అమ్మకాన్ని తీసేసి, నేటి డిప్‌తో పోల్చాలి. ఒక్కరోజు తేడా ఏమీ చెప్పదు. రాడ్ మీద ఒక్క మిల్లీమీటరు తేడాగా చదివినా ట్యాంకు నడుమ భాగంలో చాలా లీటర్లు అటూ ఇటూ అవుతాయి, పెట్రోల్ అయితే ఎండాకాలం ఆవిరయ్యేది కూడా ఉంటుంది. రెండు మూడు వారాలు తేడా ఒకే దిక్కుకు పోతుంటే అప్పుడు నాజిళ్లను ఒక్కొక్కటిగా కొలపాత్రతో పట్టి చూసి, టెస్టింగ్ రిజిస్టరులో "సరిపోయింది" అని కాకుండా ఎన్ని మిల్లీలీటర్లు ఎటువైపో రాయడం మొదలుపెట్టాలి. 20 అని తేలిన నాజిల్‌ను బంకువాళ్లు తామే సరిచేసుకోవడానికి లేదు. దానికి తూనికలు కొలతల శాఖ సీలు ఉంటుంది. మెకానిక్ దాన్ని తెరిచి సరిచేశాక శాఖవాళ్లు మళ్లీ పరీక్షించి ముద్ర వేసేదాకా ఆ నాజిల్ ఆగాల్సిందే.